కలిస్తే మిగులుతాయన్న 45 కోట్లు ఎక్కడున్నాయి?

ప్రశ్న: నమస్కారం సార్. హైదరాబాద్ దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో, పర్చేజ్ విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మా కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొంటోంది. మార్కెట్లో మా విలువ 650 కోట్లుంటే వాళ్లు 900 కోట్లు ఇస్తున్నారు. రెండూ కలిస్తే మూడో ఏడాది నుంచి ఏటా 45 కోట్లు మిగులుతాయట, దానికి మొదట్లో 50 కోట్లు ఖర్చవుతుందట. కలిసినందువల్ల వచ్చే ఈ మిగులునే సినర్జీ అంటారట. దాన్ని రాబట్టే ‘సినర్జీ టీమ్’లో నన్ను కూడా వేశారు. కంపెనీ ఇచ్చిన షేర్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి. వాటికి డబ్బు తీసుకోవచ్చు, లేదంటే ఆ కంపెనీ షేర్లు తీసుకోవచ్చు. ఏది మంచిది? ఈ 45 కోట్లు నిజంగా వస్తాయా? ఇలా కలిసిన కంపెనీలు చాలావరకు దెబ్బతింటాయని అందరూ అంటుంటే టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, వాళ్లు చెప్పిన అంకెలన్నీ అక్షరాలా నిజమవుతాయనే అనుకుని ముందు లెక్క వేద్దాం. మార్కెట్ విలువ కన్నా ఎక్కువగా ఇస్తున్నది 250 కోట్లు. దీన్నే ప్రీమియం అంటారు. ఇది ఖాయంగా, ఇప్పుడే, కొనేవాళ్ల జేబులోంచి పోయే డబ్బు. దీనికి బదులుగా వాళ్లకు రావాల్సింది ఏటా 45 కోట్లు. అందులో నాలుగో వంతు పన్నుకు పోతుంది కాబట్టి చేతికి అందేది 34 కోట్ల లోపే. అదీ మూడో ఏడాది నుంచి.

ఇప్పుడు ఆ 34 కోట్లు ఏ ఆటంకమూ లేకుండా ఎప్పటికీ వస్తూనే ఉంటాయని ఉదారంగా అనుకుందాం. డబ్బు పెట్టినవాళ్లు ఏడాదికి 12 శాతం రాబడి ఆశిస్తారనుకుంటే, ముందుముందు వచ్చే రూపాయి విలువ ఈ రోజు చేతిలో ఉన్న రూపాయి కన్నా తక్కువ కాబట్టి, ఆ మొత్తం రాబడికి ఈ రోజు విలువ సుమారు 224 కోట్లు. మొదట్లో అయ్యే 50 కోట్ల ఖర్చులో పన్ను తగ్గింపు పోను 37 కోట్ల దాకా భారం పడుతుంది. అంటే మిగిలేది 187 కోట్లు. ఇస్తున్నది 250 కోట్లు. చెప్పినదంతా చెప్పినట్టు జరిగినా కొనేవాళ్ల వాటాదారులకు 60 కోట్లకు పైగా నష్టమే. ఒక్క ఏడాది ఆలస్యమైతే ఆ 224 కాస్తా 200 అవుతుంది. ‘సినర్జీ వస్తుందా రాదా’ అని అందరూ అడుగుతారు. వచ్చినా సరిపోతుందా అన్నది అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

మీ షేర్ల సంగతి ఇక్కడే తేలిపోతోంది. ఆ 250 కోట్ల ప్రీమియం వస్తున్నది మీలాంటి వాటాదారులకే. డబ్బు తీసుకుంటే ఆ ప్రీమియం మీ చేతికి వచ్చేసినట్టు. వాళ్ల షేర్లు తీసుకుంటే, చేతికొచ్చినదాన్ని మళ్లీ అదే పందెంలో పెట్టినట్టు. అప్పుడు 45 కోట్లు రాకపోతే పడే దెబ్బలో మీ వంతు కూడా ఉంటుంది. మీ జీతం ఎలాగూ ఆ కంపెనీ మీదే ఆధారపడబోతోంది, దాచుకున్నది కూడా అక్కడే ఉండటం నాకు నచ్చదు. నేనైతే డబ్బే తీసుకుంటాను. పన్ను ఎంత పడుతుందో మాత్రం మీ ఆడిటర్‌ని అడిగి తేల్చుకోండి. కొన్ని లావాదేవీల్లో డబ్బుకీ షేర్లకీ పన్ను లెక్క వేరుగా ఉంటుంది.

ఇక 45 కోట్లు వస్తాయా అన్నది. కంపెనీలు కలవడానికి కారణాలు చాలానే ఉంటాయి. ఒకే పని రెండు చోట్ల చేయడం ఆపితే ఖర్చు తగ్గుతుందన్నది ఒకటి. మన దగ్గర లేని ఖాతాదారులు, లైసెన్సులు, ప్లాంట్లు ఒక్కసారిగా దొరుకుతాయన్నది ఇంకొకటి. పోటీదారు కొనేస్తాడేమోనన్న భయం, పెద్ద కంపెనీని నడపాలన్న పైవాళ్ల కోరిక కూడా ఉంటాయి, కానీ అవి ఏ కాగితం మీదా కనిపించవు. కారణం ఏదైనా, మిగులు మాత్రం కంపెనీ అంతటా సమానంగా పరుచుకుని ఉండదు. రెండు మూడు చోట్లే ఉంటుంది. విలీనం ఆ చోట్లను ముట్టుకుందా లేదా అన్నదే నేను చూసేది. దీనికి ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనం కన్నా స్పష్టమైన ఉదాహరణ మన దేశంలో నాకు కనిపించలేదు. అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

2007లో ఆ రెండింటినీ కలిపి నేషనల్ ఏవియేషన్ కంపెనీ ఆఫ్ ఇండియా అనే ఒకే సంస్థ చేశారు. రెండింటికీ యజమాని ప్రభుత్వమే. కాబట్టి ఎవరూ ఎవరికీ ప్రీమియం ఇవ్వలేదు. ఎక్కువ ధర పెట్టి కొన్నందుకు మునిగిందని అనడానికి లేదు. పైగా కాగితం మీద ఆలోచన చక్కగా ఉంది. ఒకటి విదేశాలకు తిరుగుతుంది, ఇంకొకటి ప్రధానంగా దేశంలో తిరుగుతుంది. విశాఖలో ఎక్కిన ప్రయాణికుడు ఒకే టికెట్ మీద, సామాను మధ్యలో తీసుకోనక్కర్లేకుండా లండన్‌లో దిగొచ్చు. దేశీయ విమానాలు తెచ్చిన జనంతో విదేశీ విమానాలు నిండుతాయి.

మిగులు ఎక్కడుందో చూడండి. విమాన సంస్థకు పెద్ద ఖర్చులు విమానాలు, ఇంధనం, సిబ్బంది. ఇంధనం రేటు మన చేతిలో ఉండదు. మిగిలినవి విమానాలు, పైలట్లు. కానీ విమానాల ఆర్డర్లు విలీనానికి ముందే అయిపోయాయి. 2005 చివర్లో ఎయిర్ ఇండియా 68 బోయింగ్ విమానాలకు, కొద్ది వారాల తేడాతో ఇండియన్ ఎయిర్‌లైన్స్ 43 ఎయిర్‌బస్ విమానాలకు ఒప్పందాలు చేసుకున్నాయి. ఏడాది తర్వాత కలవబోయే రెండు సంస్థలు ఎవరి దుకాణంలో వాళ్లు విడివిడిగా బేరమాడి వచ్చేశాయి.

ఆ 68లో లండన్, న్యూయార్క్ లాంటి దూరప్రాంతాలకు వెళ్లే పెద్ద విమానాలు 50. అవి ఎలాగైనా వేరుగా కొనాల్సిందే, వాటిలో కలిపి మిగిల్చేది తక్కువ. మిగతా 18 మాత్రం ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కోసం తీసుకున్న బోయింగ్ 737లు. గల్ఫ్ దాకా వెళ్లొచ్చే చిన్న విమానాలు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ కొన్న 43 ఎయిర్‌బస్‌లు కూడా సరిగ్గా అదే తరహావి. ఈ 61 విమానాలూ ఒకే రకమై ఉంటే పైలట్లకు ఒకే శిక్షణ, ఒకే సిమ్యులేటర్, స్టోర్‌లో ఒకే రకం విడిభాగాలు, రిపేర్ చేసే ఇంజినీర్లకు ఒకే లైసెన్సు సరిపోయేవి. ఒక చోట విమానం ఆగిపోతే ఇంకో చోటి పైలట్‌ని పిలిచి వేరే విమానం ఎక్కించొచ్చు. రెండు రకాలు కావడంతో ఆ వీలు లేదు. బోయింగ్ 737 నడిపే పైలట్ విడిగా శిక్షణ, అనుమతి లేకుండా ఎయిర్‌బస్ 320 కాక్‌పిట్‌లో కూర్చోకూడదు. నా దృష్టిలో ఈ విలీనంలో అందగలిగిన అతిపెద్ద మిగులు ఇదే. పేర్లు కలపకముందే అది చేజారిపోయింది. కాగ్ కూడా 2011 నివేదికలో విమానాలను దాదాపు పూర్తిగా అప్పు మీద కొనడాన్నీ, విలీనం చేసిన సమయాన్నీ తప్పుపట్టింది.

రెండోది పైలట్లు. రెండు సంస్థల్లో జీతాల లెక్క వేరు, ప్రమోషన్ వరుస వేరు, యూనియన్లు వేరు. కలిపే రోజున వీటిని తేల్చకుండా తర్వాత చూద్దామని వదిలేశారు. 2011 ఏప్రిల్ చివర్లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు, ఎయిర్ ఇండియా వాళ్లతో సమానంగా జీతం కావాలని పది రోజుల పాటు సమ్మె చేశారు. మరుసటి ఏడాది మే నెలలో పాత ఎయిర్ ఇండియా పైలట్ల వంతు. తమ సంస్థ ఆర్డర్ చేసిన బోయింగ్ 787 మీద ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లకు శిక్షణ ఎలా ఇస్తారని మొదలైన ఆ సమ్మె 58 రోజులు నడిచింది. విలీనమై అప్పటికి అయిదేళ్లు. జీతాలు, సీనియారిటీ ఎలా కలపాలో చెప్పమని జస్టిస్ ధర్మాధికారి కమిటీని వేసిందే 2011లో. పెళ్లయిన నాలుగేళ్లకు కట్నకానుకల పంచాయితీ పెట్టుకున్నట్టు అయింది.

విశాఖ నుంచి లండన్‌కు ఒకే టికెట్ అన్న మాట ఏమైందో కూడా చెప్పాలి. ఎయిర్ ఇండియా విమానాలకు ‘AI’ కోడ్, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు ‘IC’ కోడ్. రెండు రిజర్వేషన్ సిస్టమ్‌లూ కలిసి అంతా ‘AI’ కిందికి వచ్చింది 2011 ఫిబ్రవరిలో. అంటే ఏ ప్రయాణికుడి కోసం ఇదంతా చేశామన్నారో, అతనికి ఆ సౌకర్యం సరిగా అందడానికి మూడున్నరేళ్లు పట్టింది. ముంబైలో అప్పట్లో దేశీయ టెర్మినల్ శాంతాక్రజ్‌లో, అంతర్జాతీయ టెర్మినల్ సహార్‌లో ఉండేవి. ఒక విమానం దిగి ఇంకో విమానం అందుకోవాలంటే బస్సెక్కి వెళ్లాల్సి వచ్చేది. కంపెనీలు కలిసినంత మాత్రాన ఆ దూరం తగ్గదు కదా. ఈలోగా గల్ఫ్ విమాన సంస్థలు హైదరాబాద్ నుంచే నేరుగా జనాన్ని ఎక్కించుకుని, దుబాయ్‌లో ఒకే టెర్మినల్లో విమానం మార్పించి, లండన్‌లో దింపుతున్నాయి.

విలీనానికి ముందు 2006-07లో రెండింటి నష్టం కలిపి 770 కోట్ల దాకా ఉండేది. 2007-08లో అది 2,226 కోట్లు, 2008-09లో 5,548 కోట్లు అయింది. ఇదంతా విలీనం వల్లేనని నేను అనను. 2008లో చమురు ధర ఆకాశాన్నంటింది, తక్కువ ఛార్జీల విమాన సంస్థలు దూసుకొచ్చాయి, కొత్త విమానాల అప్పుల మీద వడ్డీలు మొదలయ్యాయి. కానీ ఆ తుఫాను వచ్చినప్పుడు పైవాళ్ల సమయమంతా ఏ కుర్చీ ఎవరిది, ఏ గ్రేడు దేనితో సమానం అన్నదాని మీద పోయింది. విలీనంలో ఏ ఖాతాలోనూ రాయని ఖర్చు ఇదే. చివరికి 2012లో ప్రభుత్వం 30 వేల కోట్లకు పైగా ఇస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది, 2022 జనవరిలో సంస్థ టాటాల చేతికి వెళ్లింది.

టాటాలు విస్తారాను ఎయిర్ ఇండియాలో కలుపుతున్నప్పుడూ ముందుగా పేలింది పైలట్ల జీతమే. ఎగిరినా ఎగరకపోయినా నెలకు జీతం హామీ ఇచ్చే గంటలను 70 నుంచి 40కి తగ్గిస్తూ కొత్త ఒప్పందం ఇచ్చారు. 2024 ఏప్రిల్ మొదట్లో పైలట్లు దొరక్క విస్తారా విమానాలు వరుసగా రద్దయ్యాయి. ఒక తేడా ఉంది. ఈసారి గొడవ విలీనానికి ముందే బయటపడింది, 2024 నవంబర్ 12న రెండూ ఒకటయ్యేలోగా దాన్ని సర్దుబాటు చేసుకునే సమయం దొరికింది. బాధాకరమైన విషయాలను ముందే తేల్చుకోవడం మంచిదని నేను అనేది అందుకే.

ఇప్పుడు మీ పర్చేజ్ విభాగానికి వద్దాం. కొనుగోళ్లు కలిపితే రేటు తగ్గుతుందన్నది ప్రతి విలీనంలోనూ మొదట రాసే వరుస. చాలాసార్లు ఆ అంకె వేసినవాళ్లు మీ రేట్లు చూసి కూడా ఉండరు. చూడకూడదు కూడా. లావాదేవీ పూర్తయ్యేదాకా రెండూ వేర్వేరు కంపెనీలే. ధరలు, సప్లయర్ల ఒప్పందాలు ఒకరికొకరు చెప్పుకోవడం పోటీ చట్టం కింద తప్పవుతుంది. అందుకే ‘మొత్తం కొనుగోళ్లలో ఇంత శాతం’ అని ఒక అంచనా వేసి ప్రకటిస్తారు. మీ 45 కోట్లలో ఎంత భాగం అలా వచ్చిందో టీమ్‌లో అడగండి. మీ చేతిలో ఉన్న రేట్ల పట్టికను మాత్రం లీగల్ వాళ్లు చెప్పకుండా అవతలి కంపెనీకి పంపకండి. ముందే చూడక తప్పదంటే బయటి నిపుణులతో క్లీన్ టీమ్ అని విడిగా పెడతారు, అది వాళ్ల పని.

నేను పాతికేళ్ల కిందట ఒక విలీనంలో సరిగ్గా ఈ పనే చేశాను. అట్టపెట్టెల సంగతి ఒకటి ఇప్పటికీ గుర్తుంది. రెండు కంపెనీలూ ఒకే సప్లయర్ దగ్గర, ఒకే సైజు అయిదు పొరల పెట్టెలు కొంటున్నాయి. మా సిస్టమ్‌లో దాని పేరు కొలతలతో ఉంది, వాళ్ల సిస్టమ్‌లో ‘సి.బాక్స్ పెద్దది’ అని ఉంది. రెండూ ఒకటేనని కనిపెట్టడానికే మూడు నెలలు పట్టింది, అదీ స్టోర్‌లో పనిచేసే కుర్రాడు రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే. మేం ఏడాదికి 6 లక్షల పెట్టెలు 18 రూపాయల 40 పైసలకు కొంటున్నాం, వాళ్లు 4 లక్షలు 17 రూపాయల 10 పైసలకు. వెంటనే కాగితం మీద రాసేశాం: అందరం 17.10కి కొంటే 7 లక్షల 80 వేలు మిగులు.

సప్లయర్‌ని పిలిస్తే అసలు విషయం తెలిసింది. వాళ్లు 15 రోజుల్లో డబ్బు కట్టేవారు, లారీ నిండా సరుకు దించుకునేవారు. మేం 45 రోజులకు కట్టేవాళ్లం, ఎప్పుడు పడితే అప్పుడు కొద్దికొద్దిగా తెప్పించుకునేవాళ్లం. ఆ రూపాయి ముప్పై పైసల తేడా బేరం వల్ల వచ్చింది కాదు, అలవాట్ల వల్ల వచ్చింది. ఈలోగా కొత్త కంపెనీ అందరికీ ఒకే నియమం అని 60 రోజుల గడువు పెట్టింది. అలాగైతే మొత్తానికీ 18.30 అన్నాడతను. మా 6 లక్షల పెట్టెల మీద 60 వేలు తగ్గింది, వాళ్ల 4 లక్షల పెట్టెల మీద 4 లక్షల 80 వేలు పెరిగింది. ఆలస్యంగా కట్టడం వల్ల మిగిలిన వడ్డీ లక్షన్నర కూడా లేదు. కానీ సినర్జీ రిపోర్టులో ఏం వెళ్లిందో తెలుసా? మా ప్లాంట్ల పాత రేటుతో పోల్చి ‘60 వేలు ఆదా’ అని. పెరిగిన 4 లక్షల 80 వేలు అవతలి ప్లాంట్ల మామూలు ఖర్చులో కలిసిపోయాయి. అబద్ధం ఎవరూ రాయలేదు. ఆ రిపోర్టు మీద సంతకం నాదే, ఆ సంతకం నన్ను చాలాకాలం బాధపెట్టింది. అలాంటి వరుసలు కొన్ని వందలుంటాయి. అన్నీ కూడితే లక్ష్యం చేరినట్టే కనిపిస్తుంది, ఏడాది చివర లాభనష్టాల పట్టికలో మాత్రం ఆ డబ్బు దొరకదు.

కాబట్టి టీమ్‌లో మీ మొదటి పని పోలిక రేటును గట్టిగా పట్టుకోవడం. రెండు కంపెనీల గత 12 నెలల అసలు కొనుగోళ్లు, కొన్న పరిమాణంతో సహా, ఒక తేదీ దగ్గర ఆపేసి ఫైనాన్స్ వాళ్ల సంతకం తీసుకోండి. తర్వాత ఎవరూ దాన్ని మార్చకూడదు. ఎక్కడ తగ్గిందో, ఎక్కడ పెరిగిందో రెండూ అదే పట్టికలో పడాలి. ప్రతి వరుస పక్కనా ఒక మనిషి పేరు, వచ్చే ఏడాది ఆ మనిషి బడ్జెట్‌లోంచి ఎంత కోస్తున్నారన్నది ఉండాలి. బడ్జెట్ తగ్గించుకోవడానికి ఎవరూ ముందుకు రాని వరుసను మిగులుగా లెక్కించకండి.

మందుల ముడిసరుకు కాబట్టి మీకు ఇంకో చిక్కుంది. అట్టపెట్టెలు మార్చినంత సులువుగా మీరు సాల్వెంట్‌నో, మందు తయారీలో మధ్య దశ రసాయనమైన ఇంటర్మీడియట్‌నో అమ్మేవాణ్ని మార్చలేరు. కొత్త సప్లయర్‌ని ఆడిట్ చేయాలి, ట్రయల్ బ్యాచ్‌లు తీయాలి, నిల్వ పరీక్షలు నడపాలి, మందు ఏ దేశానికి వెళ్తోందో దాన్నిబట్టి రెగ్యులేటరీ ఫైల్‌లో మార్పు రాయాలి. కీలకమైన సరుకుకు ఇదంతా అయ్యేసరికి ఏడాది దాటడం మామూలే. ‘మూడో ఏడాది నుంచి’ అన్న మాట ఇవన్నీ చూసుకుని అన్నారో లేదో మీ క్వాలిటీ విభాగంలో సీనియర్‌ని ఒక్కసారి అడిగితే తెలిసిపోతుంది. అది చూసుకోకుండా వేసి ఉంటే, పైన చెప్పిన ‘ఒక ఏడాది ఆలస్యం’ లెక్క మీకు ఇప్పుడే మొదలైనట్టు.

లావాదేవీ పూర్తయిన వారంలోనే ఖర్చులో పెద్దవైన ఒక పది సరుకులు తీసుకోండి. ఇద్దరికీ అమ్ముతున్న సప్లయర్లు ఎవరో చూడండి. కొత్త కంపెనీ చెల్లింపు గడువు ఎన్ని రోజులో చెప్పి, ఆ గడువుకు, ఆ పరిమాణానికి రేటెంతో రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం వచ్చేదాకా ఆ వరుసలో ఏ అంకే వేయకండి.